సిమిలారిటీ శాతం: అంకె చెప్పేది, చెప్పనిది

ప్లేజియరిజం రిపోర్టు మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో కనిపించే శాతానికి ఒకటే అర్థం ఉంది. సమర్పించిన రచనలోని మొత్తం మాటల్లో ఎన్ని మాటలు, అదే వరుసలో, ఆ సాఫ్ట్‌వేర్ దగ్గరున్న మరో రాతలో కూడా దొరికాయో అది చెబుతుంది. పది వేల మాటల థీసిస్‌కు 31 శాతం వచ్చిందంటే సుమారు 3,100 మాటలు ఇంకెక్కడో కూడా ఉన్నాయని అర్థం. ఆ మాటలు దొంగిలించినవా, అప్పుగా తెచ్చి పేరు చెప్పినవా, అందరూ వాడేవా అన్నది అంకెకు తెలియదు. టర్నిటిన్ సంస్థ కూడా తమ సాఫ్ట్‌వేర్ గ్రంథచౌర్యాన్ని పట్టదనీ, పోలికను మాత్రమే చూపుతుందనీ చెబుతుంది. అయినా కాలేజీల్లో ‘నీకు ప్లేజియరిజం ఎంత వచ్చింది?’ అనే అడుగుతారు. గొడవలో సగం ఆ ప్రశ్నలోనే ఉంది.

సాఫ్ట్‌వేర్ రచనను చిన్న చిన్న మాటల వరుసలుగా విడగొట్టి, తన గిడ్డంగిలోని రాతలతో పోల్చుతుంది. ఆ గిడ్డంగిలో ప్రధానంగా మూడు రకాల సరుకు ఉంటుంది: ఇంటర్నెట్ పేజీలు, పత్రికల్లో అచ్చయిన పరిశోధన పత్రాలు, గతంలో విద్యార్థులు అప్‌లోడ్ చేసిన రాతలు. పోలిక దొరికిన చోట రంగు వేసి, ఒక్కో మూలానికి ఒక్కో నంబరు ఇస్తుంది. టర్నిటిన్‌లో మొత్తం శాతానికి కూడా రంగు ఉంటుంది. 24 శాతం వరకు ఆకుపచ్చ, 75 నుంచి ఎరుపు. ఈ రంగులు అంకెను బట్టి వచ్చేవే కానీ తప్పొప్పులను బట్టి వచ్చేవి కావు. ఆకుపచ్చ చూసి నిశ్చింతగా ఉండటానికీ ఎరుపు చూసి బెదిరిపోవడానికీ అవి ఆధారం కావు.

పైన చెప్పిన పది వేల మాటల థీసిస్‌నే ఒక ఊహా ఉదాహరణగా తీసుకుంటే విషయం తేలిగ్గా బోధపడుతుంది. పోలిక దొరికిన 3,100 మాటల్లో 1,100 చివరి రిఫరెన్సుల పట్టికలోనివి అనుకుందాం. ఒకే పుస్తకాన్ని వందమంది ఉదహరిస్తే వందమంది పట్టికల్లోనూ రచయిత పేరు, పుస్తకం పేరు, ప్రచురణ సంవత్సరం ఒకేలా ఉంటాయి. ఉండకపోతేనే తప్పు. మరో 500 మాటలు కొటేషన్ గుర్తుల మధ్య, మూలం పేరుతో సహా ఇచ్చినవి. ఇంకో 700 మాటలు ‘ఈ అధ్యయనం ముఖ్య ఉద్దేశం’ లాంటి ముక్కలు, సంస్థల పూర్తి పేర్లు, చట్టాల పేర్లు. ఇవన్నీ తీసేస్తే 800 మాటలు మిగులుతాయి. మొత్తాన్ని పది వేలుగానే ఉంచి లెక్కేస్తే 8 శాతం. రచనలో ఒక్క అక్షరం కూడా మారకుండానే 31 కాస్తా 8 అయింది. రిపోర్టు తీసిన మనిషి ఏ సెట్టింగులు పెట్టాడో తెలియకుండా శాతం గురించి మాట్లాడటం అందుకే వృథా. కొటేషన్లు, రిఫరెన్సులు, చిన్న ముక్కలు మినహాయించారా లేదా అన్నది ముందు చూడాలి.

ఈ మినహాయింపులను కూడా గుడ్డిగా నమ్మడానికి లేదు. సాఫ్ట్‌వేర్ కొటేషన్‌ను దాని గుర్తులను బట్టే పోల్చుకుంటుంది. తెలుగు అచ్చులో మామూలుగా వాడే ఒంటి గుర్తులను అది కొటేషన్‌గా లెక్కించకపోవచ్చు. రిఫరెన్సుల పట్టికను సాధారణంగా శీర్షికను బట్టి గుర్తిస్తుంది కాబట్టి ‘ఉపయుక్త గ్రంథాలు’ అని రాస్తే దాన్ని మామూలు అధ్యాయంగానే చూసే ప్రమాదం ఉంది. తిరకాసు రెండో వైపు నుంచి కూడా ఉంది. కాపీ చేసిన పేరాకు రెండు వైపులా కొటేషన్ గుర్తులు పెట్టి మూలం పేరు ఎగ్గొడితే, మినహాయింపు దాన్ని లెక్కలోంచి చక్కగా తప్పించేస్తుంది.

మిగిలిన 800 మాటల దగ్గరే అసలు పని మొదలవుతుంది. వాటిలో 350 ఆ పరిశోధకుడే అంతకుముందు ఒక సదస్సులో సమర్పించిన పత్రంలోనివి అనుకుందాం. థీసిస్‌లో ఆ సంగతి చెప్పి ఉంటే ఒక లెక్క, దాచి ఉంటే ఇంకో లెక్క. ఇంకో 150 సర్వే నమూనాను ఎలా ఎంచుకున్నదీ చెప్పే వాక్యాల్లో చెదురుమదురుగా దొరికినవి. ఒకే పద్ధతిని వాడిన వాళ్లంతా ఇంచుమించు ఆ మాటలే రాస్తారు. చివరికి మిగిలేవి 300 మాటలు. అవి పూర్వ పరిశోధనల సమీక్షలో ఒకే చోట, ఒకే ముద్దగా ఉన్నాయి. శోధ్‌గంగలోని ఒక పాత థీసిస్ నుంచి మక్కికి మక్కిగా వచ్చాయి. ఆ థీసిస్ పేరు ఎక్కడా లేదు. మొత్తం రచనలో ఇది 3 శాతమే. అయినా ఈ రిపోర్టులో గ్రంథచౌర్యం అనదగినది ఈ 3 శాతమే, మిగతా 28 కాదు.

అందుకే అనుభవమున్న పరీక్షకులు శాతాన్ని ఒకసారి చూసి వదిలేసి, రంగు పడిన భాగాల్లో అన్నింటికంటే పొడవైనది ఏదో వెతుకుతారు. ఒకే మూలం నుంచి ఆపకుండా వచ్చిన పేరా ఎక్కడుంది, అది ఏ అధ్యాయంలో ఉంది, దాని పక్కన మూలం పేరు ఉందా అని చూస్తారు. నలభై మూలాల నుంచి పది పదిహేను మాటల చొప్పున పోగైన 20 శాతం చాలాసార్లు నిరపాయం. ఫలితాల అధ్యాయంలో ఒకే మూలం నుంచి దిగిన 4 శాతం అలా కాదు.

మూలాల జాబితాను చదవడంలోనూ రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి. ఒక మూలం పక్కన 3 శాతం అని ఉంటే, ఆ పుస్తకంలో 3 శాతం కాపీ అయిందని కొందరు అనుకుంటారు. అది సమర్పించిన రచనలో 3 శాతం. రెండోది ఇంతకంటే చిక్కైనది. సాఫ్ట్‌వేర్ చూపిన మూలమే అసలు మూలం కానక్కర్లేదు. ఒక పేరా ముందుగా ఒక పుస్తకంలో వచ్చి, దాన్ని ఒక వెబ్‌సైట్, ఇంకో విద్యార్థి వాడుకుని ఉంటే, బాగా సరిపోలిన దాన్ని మాత్రమే పైన చూపి మిగతావి దాని చాటున పెడుతుంది. ఒక్కోసారి ఎవరో ఈ పరిశోధకుడి పత్రాన్నే ఎత్తేసి ఉంటారు. అప్పుడు రిపోర్టులో దొంగ సొమ్ము సొంతదారుడి ఇంట్లో దొరికినట్టు కనిపిస్తుంది. ఎవరు ముందు రాశారన్నది తేదీలు చూసి మనిషే తేల్చాలి. చిత్తుప్రతిని ఒకసారి అప్‌లోడ్ చేసి, అది గిడ్డంగిలో చేరాక తుదిప్రతిని పెడితే వంద శాతానికి దగ్గరగా అంకె రావడం కూడా ఇలాంటిదే. అక్కడ రచన తనతో తానే సరిపోలింది.

మన దేశంలో ఈ అంకెకు చట్టబద్ధమైన బరువు 2018లో వచ్చింది. ఆ ఏడాది యూజీసీ తెచ్చిన నిబంధనలు 10 శాతం వరకు పోలికను స్వల్పంగా భావించి శిక్ష లేకుండా వదిలేశాయి. 10 దాటి 40 వరకు ఉంటే ఆరు నెలలకు మించని గడువులో సవరించి మళ్లీ సమర్పించాలి. 40 నుంచి 60 వరకు ఉంటే ఏడాది పాటు సవరించిన ప్రతిని సమర్పించడానికి వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. చాలామంది ఈ మెట్లనే గుర్తుపెట్టుకుని ‘పది లోపు తెస్తే చాలు’ అనుకుంటారు. అవే నిబంధనల్లో దీనికి ముందూ వెనకా ఉన్న మాటలను అంతగా పట్టించుకోరు. అనుమతితోనో మూలం పేరుతోనో ఇచ్చిన కొటేషన్లు, రిఫరెన్సులు, విషయసూచిక, ముందుమాట, కృతజ్ఞతలు, చట్టాలు, ప్రామాణిక సమీకరణాలు లెక్కలోకి రావని అక్కడ ఉంది. సారాంశం, పరికల్పన, పరిశీలనలు, ఫలితాలు, ముగింపు లాంటి భాగాలు సొంత ఆలోచనలై ఉండాలనీ, వాటిలో పోలికలు ఉండకూడదనీ ఉంది. యాదృచ్ఛికంగా కలిసే మాటలకు వరుసగా 14 వరకే వెసులుబాటు ఇచ్చింది. అంటే 8 శాతం ఎక్కడ పడిందన్నది కూడా నిబంధనలో భాగమే.

పది లోపు తేవాలన్న ఆత్రం ఇంకో రోగాన్ని పుట్టించింది. కాపీ చేసిన వాక్యంలో ప్రతి మాటకూ పర్యాయపదం పెడితే వరుస చెడి శాతం పడిపోతుంది. ఈ పని చేసిపెట్టే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, డబ్బు తీసుకుని చేసే మనుషులూ ఉన్నారు. 2021లో గియోమ్ కబనాక్, సిరిల్ లబే, అలెగ్జాండర్ మగజినోవ్ అనే పరిశోధకులు అచ్చయిన శాస్త్ర పత్రాల్లో దీని ఆనవాళ్లు పట్టుకున్నారు. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అని ఉండాల్సిన చోట కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్ అని, అంటే నకిలీ చైతన్యం అని ఉంది. ఇలాంటి వాటికి వాళ్లు ‘చిత్రహింసకు గురైన పదబంధాలు’ అని పేరు పెట్టారు. అలాంటి పత్రానికి శాతం తక్కువే వస్తుంది. చౌర్యం మాత్రం పూర్తిగా అలాగే ఉంటుంది. వాదన, దాని క్రమం, ఉదాహరణలు, పట్టికలోని అంకెలు ఇంకొకరివైనా మాటలు మారితే అంకె మౌనంగా ఉండిపోతుంది. బొమ్మగా అతికించిన పట్టికనూ ఫొటోనూ మాటల పోలిక చూడలేదు. కల్పించిన గణాంకాల సంగతి దానికి అసలే పట్టదు.

తెలుగులో రాసిన థీసిస్‌ల విషయంలో తక్కువ శాతాన్ని ఇంకా అనుమానంగా చూడాలి. పాత తెలుగు పుస్తకాలు, పత్రికలు చాలావరకు గిడ్డంగిలో లేవు. ఉన్నవాటిలో కూడా కొన్ని స్కాన్ చేసిన బొమ్మలు. అనూ ఫాంట్లలో టైపు చేసినవి తెరమీద తెలుగులా కనిపించినా కంప్యూటర్‌కు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల వరుసే. యూనికోడ్‌లో టైపు చేసిన కొత్త థీసిస్‌కు వాటితో పోలిక దొరకదు. భాష స్వభావం కూడా ఇందులో కలిసివస్తుంది. ‘రైతులకు’ అన్నదాన్ని ‘రైతులకి’ అని మార్చినా, ‘చేసినారు’ను ‘చేశారు’ చేసినా యంత్రానికి అది వేరే మాట. విభక్తులూ ప్రత్యయాలూ మాటలోనే కలిసిపోతాయి కాబట్టి ఇంగ్లీషులో 14 మాటలు పట్టే భావం తెలుగులో ఎనిమిది తొమ్మిది మాటల్లో ముగుస్తుంది. 14 మాటల లోపు ముక్కలను వదిలేయమని సెట్టింగు పెడితే మామూలు తెలుగు వాక్యం మొత్తంగా జారిపోగలదు. ఇంగ్లీషు పుస్తకం నుంచి ఒక అధ్యాయాన్ని తెలుగులోకి అనువదించి సొంత రచనగా పెట్టినా మాటలను మాటలతో పోల్చే రిపోర్టులో సున్నా రావచ్చు. ఇలాంటి థీసిస్‌కు వచ్చిన 2 శాతం ఆ గిడ్డంగిలో తెలుగు ఎంత తక్కువగా ఉందో చెబుతుండవచ్చు. దాన్ని పరీక్షించడానికి ఆ రంగంలోని పాత పుస్తకాలు చదివిన గైడే కావాలి.