అడ్మిషన్ చీటీ ఎక్కడ ఆగింది?

“బెడ్ ఎప్పుడిస్తారు సార్?” అని అడ్మిషన్ కౌంటర్లో అడిగితే “వార్డు నుంచి ఫోన్ రావాలమ్మా” అంటారు. వార్డుకెళ్లి అడిగితే “కౌంటర్ వాళ్లు పంపిస్తే మేం తీసుకుంటాం” అంటారు సిస్టర్లు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, ఎవరి పని వాళ్లు చేస్తూనే ఉన్నారు. కానీ ఆ రెండు చోట్లకూ మధ్య ఎవరి బాధ్యతా కాని జాగా ఒకటుంది. పేషెంటు గంటల తరబడి కూర్చునేది అక్కడే. ఆ జాగాను కాగితం మీద కళ్లకు కట్టే బొమ్మను స్విమ్‌లేన్ డయాగ్రమ్ అంటారు.

ఈతకొలనులో పోటీదారులకు తాళ్లు కట్టి వరసలు విడదీసినట్టు, ఇందులో పనిచేసే ప్రతి విభాగానికీ ఒక అడ్డపట్టీ ఉంటుంది. పట్టీ మొదట్లో ఆ విభాగం పేరు రాస్తారు. ఎవరు చేసే పని వాళ్ల పట్టీలోనే పెట్టెగా గీస్తారు. అవునా, కాదా అని తేల్చాల్సిన చోట డైమండ్ గుర్తు వేస్తారు. ఒక పని తర్వాత మరొకటి ఏదో బాణాలు చెబుతాయి. ఎడమ నుంచి కుడికి వెళ్లేకొద్దీ సమయం గడుస్తున్నట్టు లెక్క. 1990లో అమెరికాలో గేరీ రమ్లర్ మరొకరితో కలిసి రాసిన మేనేజ్‌మెంట్ పుస్తకంతో ఈ పద్ధతికి బాగా ప్రచారం వచ్చింది. సంస్థల్లో తప్పులు ఎక్కువగా విభాగాల లోపల కాక వాటి నడుమ ఉండే ఖాళీలోనే జరుగుతాయన్నది ఆ పుస్తకం వాదన. ఆసుపత్రి అడ్మిషన్‌ను చూస్తే ఆ మాట ఎంత నిజమో తెలుస్తుంది.

ఉదాహరణకు ఒక కేసు ఊహించుకుందాం. పిత్తాశయంలో రాళ్లున్న ఒక పెద్దావిడ, వెంట కొడుకు. ఆరోగ్య బీమా ఉంది. ఓపీలో సర్జన్ చూసి, రేపు ఆపరేషన్ చేద్దామని ఉదయం 10.10కి అడ్మిషన్ చీటీ రాశారు. ఆవిడ వార్డులో మంచమెక్కింది మధ్యాహ్నం 3.10కి. ఈ ఐదు గంటలూ ఎటు పోయాయి? కాగితం మీద ఆరు పట్టీలు గీద్దాం. పై నుంచి కిందికి పేషెంటు-అటెండెంటు, డాక్టరు, అడ్మిషన్ కౌంటరు, ఇన్సూరెన్స్ డెస్క్, వార్డు సిస్టర్లు, హౌస్ కీపింగ్.

చీటీ డాక్టరు పట్టీలో మొదలై అటెండెంటు చేతిమీదుగా కౌంటరుకు వచ్చింది. అక్కడ వివరాలు నమోదు చేసి ఐపీ నంబరు ఇచ్చేసరికి 10.35. తర్వాత డైమండ్: బీమా ఉందా? లేకపోతే బాణం డిపాజిట్ కట్టడానికి వెళుతుంది. ఉంది కాబట్టి ఇన్సూరెన్స్ డెస్క్‌కు వెళ్లింది. అక్కడ క్యాష్‌లెస్ ఫారం ఇచ్చారు. అందులో కొంత భాగం పేషెంటు తరఫువాళ్లు నింపాలి. జబ్బేమిటి, ఎన్నాళ్లనుంచి ఉంది, ఏ వైద్యం చేయబోతున్నారు అనే భాగం డాక్టరే నింపి సంతకం పెట్టాలి. కొడుకు తన భాగం పూర్తిచేసి 11 గంటలకు మళ్లీ ఓపీకి వెళ్లాడు. సర్జన్ ఐదు నిమిషాల కిందటే ఆపరేషన్ థియేటర్లోకి వెళ్లారు. ఫారం ఓపీ సిస్టర్ టేబుల్ మీద ఉండిపోయింది. సర్జన్ 12.30కి బయటికొచ్చి ఐదు నిమిషాల్లో నింపేశారు. ఐదు నిమిషాల పనికి గంటన్నర నిరీక్షణ.

12.50కి డెస్క్ వాళ్లు స్కానింగ్ రిపోర్టు జతచేసి ఫారాన్ని అప్‌లోడ్ చేశారు. 1.35కి అనుమతి వచ్చింది. బీమా కంపెనీని ఇక్కడ తప్పుపట్టడానికి లేదు. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మేలో ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం, క్యాష్‌లెస్ అభ్యర్థన అందిన గంటలోగా కంపెనీ ఏదో ఒకటి తేల్చి చెప్పాలి. ఇక్కడ ముప్పావుగంటలో చెప్పింది. కానీ ఆ గంట లెక్క మొదలయ్యేది అభ్యర్థన చేరాకనే. ఫారం టేబుల్ మీద పడి ఉన్న గంటన్నర ఆ లెక్కలోకి రాదు. డెస్క్ రికార్డులోనూ ఉండదు. కూర్చున్న పేషెంటుకు మాత్రమే తెలుసు.

ఇప్పుడు మంచం సంగతి. అనుమతి వచ్చిందని 1.40కి డెస్క్ నుంచి కబురందాకే కౌంటరు వార్డుకు ఫోన్ చేసింది. 11.30కే ఒక పేషెంటు డిశ్చార్జి అయి వెళ్లిపోయారు, మంచం ఖాళీగానే ఉంది. కానీ శుభ్రం చేయలేదు. హౌస్ కీపింగ్‌కు ఎవరూ చెప్పలేదు. మంచం ఖాళీ అయిందని వార్డుకు తెలుసు, ఎప్పుడు కావాలో తెలియదు. ఎప్పుడు కావాలో కౌంటరుకు తెలుసు, ఖాళీ అయిందని తెలియదు. ఫోన్ వచ్చాక 1.45కి పిలిస్తే హౌస్ కీపింగ్ వాళ్లు 2.05కి వచ్చి 2.35కల్లా పరుపు తుడిచి, దుప్పట్లు మార్చి వెళ్లారు. మంచం సిద్ధమైందని తిరిగి కౌంటరుకు చెప్పడం ఎవరి పట్టీలోనూ లేదు. 2.55కి కొడుకు విసిగిపోయి అడిగితే అప్పుడు వార్డుకు ఫోన్ చేశారు. వార్డుబాయ్ వీల్‌చైర్‌తో వచ్చి, ఆవిడను మంచం దగ్గరికి చేర్చేసరికి 3.10.

బొమ్మ పూర్తయ్యాక చూడాల్సింది పెట్టెలను కాదు, పట్టీల గీతలు దాటే బాణాలను. పెట్టెల్లో ఎవరూ బద్ధకించలేదు. ఆలస్యమంతా మూడు దాటుళ్ల దగ్గరే ఉంది: అటెండెంటు నుంచి డాక్టరుకు వెళ్లిన ఫారం, వార్డు నుంచి హౌస్ కీపింగ్‌కు వెళ్లని కబురు, వార్డు నుంచి కౌంటరుకు వెళ్లని ఫోన్. నా ఉద్దేశంలో దాటే ప్రతి బాణం మీదా ఏది దాటుతోందో రాయాల్సిందే. చీటీయా, ఫోనా, కంప్యూటర్లో కనిపించే మెసేజా, నోటిమాటా? అలా రాయబోయినప్పుడు కొన్ని బాణాల మీద రాయడానికి ఏమీ దొరకదు. “వాళ్లకు తెలుస్తుందిలే” అనే ధీమా తప్ప అక్కడ ఇంకేమీ లేదని అప్పుడు బయటపడుతుంది.

ఇంకో విషయం కూడా ఈ బొమ్మ చెబుతుంది. ఫారాలు, కబుర్లు మోసినవాళ్లలో ముఖ్యుడు ఆసుపత్రి ఉద్యోగి కాదు, ఆ కొడుకు. చీటీ, ఫారం తీసుకుని తిరిగింది అతనే, చివరికి మంచం కోసం అడిగిందీ అతనే. పై పట్టీలోకి ఎన్నిసార్లు బాణం వచ్చి వెళ్లిందో లెక్కపెడితే పేషెంటు బంధువులు ఎన్ని మెట్లు ఎక్కి దిగారో తెలిసిపోతుంది. చదువు రాని అటెండెంటు వచ్చినా, ఒంటరిగా వచ్చిన ముసలాయన అయినా ఈ దారి ఎలా నడుస్తుందో కూడా అక్కడే అడగాలి.

అదే కాగితం పక్కన మరో బొమ్మ గీద్దాం. రెండు మార్పులు చాలు. ఒకటి, అడ్మిషన్ చీటీ రాసినప్పుడే సర్జన్ బీమా ఫారంలో తన భాగం కూడా నింపేస్తారు. ఓపీలో ఐదు నిమిషాలు పెరుగుతాయి. రెండోది, కౌంటరు దగ్గర బాణం రెండుగా చీలుతుంది. ఒకటి ఇన్సూరెన్స్ డెస్క్‌కు, మరొకటి అదే సమయానికి వార్డుకు. రెండు దారులూ పూర్తయ్యాకనే మళ్లీ కలిసి ముందుకు సాగుతాయి. ఇలా అయితే 11.20కల్లా ఫారం అప్‌లోడ్ అవుతుంది, అదే ముప్పావుగంట పట్టినా 12.05కు అనుమతి వస్తుంది. మంచం 11.30కి ఖాళీ కాగానే వార్డు నుంచి హౌస్ కీపింగ్‌కు ఫోన్ వెళితే, వాళ్లు రావడానికి 20 నిమిషాలు, శుభ్రానికి అరగంట కలుపుకున్నా 12.20కి సిద్ధం. సిద్ధమైందని కౌంటరుకు ఫోన్ చేయడం ఇప్పుడు వార్డు పట్టీలో ఒక పెట్టె. 12.35కల్లా ఆవిడ మంచం మీద ఉంటుంది. ఎవరూ ఎక్కువ వేగంగా పనిచేయలేదు. రెండున్నర గంటలు మిగిలాయి.

ఇలాంటి బొమ్మ పాడయ్యేది ఎక్కువగా మొదటి రోజే. సూపరింటెండెంటు గదిలో నలుగురు కూర్చుని గీస్తే, జరగాల్సింది గీస్తారు తప్ప జరుగుతున్నది కాదు. అందుకే ఒక కేసు షీటు వెంట నడవాలి, ఎక్కడెక్కడ ఎంతసేపు ఆగిందో గడియారం చూసి రాసుకోవాలి. ఆ తర్వాత కౌంటర్లో పనిచేసేవాళ్లనూ, సిస్టర్లనూ, హౌస్ కీపింగ్ సూపర్‌వైజర్‌నూ ఒక గోడ ముందు నిలబెట్టి, అంటించే చీటీలతో కలిసి గీయించాలి. “మాకు ఆ ఫోన్ ఎప్పుడూ రాదే” అన్న మాట అక్కడే వినిపిస్తుంది. ఆ ఒక్క మాటకు నాలుగు మీటింగుల విలువ ఉంది. పట్టీలకు మనుషుల పేర్లు కాక విభాగాల పేర్లు పెట్టాలి. లేకపోతే ఆ సిస్టర్ సెలవులో ఉన్న రోజు బొమ్మ అబద్ధమవుతుంది. రెండు పట్టీల మీద పడుకున్న పెట్టె ఏదైనా కనిపిస్తే, ఉదాహరణకు “మంచం ఏర్పాటు”, దాన్ని విడదీయాలి. ఇద్దరిదీ అని రాసిన పని ఎవరిదీ కాకుండా పోయేది అక్కడే. ప్రతి డైమండ్ నుంచీ రెండు బాణాలు బయలుదేరాలి. బీమా కంపెనీ కాదంటే ఏమిటన్న బాణం గాల్లో తేలుతూ ఉంటే, ఆ రోజు పేషెంటు కూడా అలాగే తేలుతుంది.

ఒక బొమ్మ అన్ని అడ్మిషన్లకూ సరిపోదు. ఆరోగ్యశ్రీ కేసయితే ఆరోగ్యమిత్రకు ఒక పట్టీ, అనుమతి ఇచ్చే ట్రస్టుకు మరో పట్టీ కావాలి. రోడ్డు ప్రమాదం కేసయితే మొదలే మారిపోతుంది. 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు, ప్రాణం మీదికొచ్చిన మనిషికి లాంఛనాల కోసం ఆపకుండా వైద్యం అందించాలని తీర్పునిచ్చింది. కాబట్టి అక్కడ మొదటి పెట్టె క్యాజువాలిటీ డాక్టరు పట్టీలో ఉండాలి. రిజిస్ట్రేషన్, పోలీసులకు సమాచారం వెనకనుంచి సమాంతరంగా నడవాలి. ఎమర్జెన్సీ బొమ్మలో చికిత్సకు ముందు డిపాజిట్ పెట్టె కనిపిస్తే అది గీతల తప్పు కాదు, ఆ ఆసుపత్రి పద్ధతిలోనే తప్పు.

ఈ బొమ్మకు చేతకానిదీ ఉంది. ఏ పని ఎవరిదో చెబుతుంది గానీ, ఎంతమంది వరసలో ఉన్నారో చెప్పదు. సమయాలు మనం విడిగా రాస్తేనే ఉంటాయి. వంద మంచాల ఆసుపత్రికి డెంగీ సీజన్లో నూట ఇరవై మంది వస్తే, బాణాలు ఎంత చక్కగా గీసినా మంచం పుట్టదు. అప్పుడు చూడాల్సింది డిశ్చార్జి బొమ్మను. ఉదయం రౌండ్లో ఇంటికి వెళ్లొచ్చని డాక్టరు చెప్పిన పేషెంటు, ఫైనల్ బిల్లు కోసం సాయంత్రం దాకా మంచం మీదే ఉంటే, కింద కౌంటరు దగ్గర కూర్చున్నవాళ్ల నిరీక్షణ అక్కడినుంచే మొదలవుతుంది. ఆ సర్క్యులర్ డిశ్చార్జి అనుమతికీ మూడు గంటల గడువు పెట్టింది. ఆ లెక్క కూడా ఆసుపత్రి అభ్యర్థన పంపాకనే మొదలవుతుంది. పంపేలోపు ఫార్మసీ, ల్యాబ్, బిల్లింగ్ పట్టీల మధ్య ఫైలు ఎన్నిసార్లు ఆగుతుందో వేరే కాగితం మీద గీయాలి.