ఆవిరి తగిలితేనే ఎక్కే ఆకుపచ్చ

మట్టిలో ఎక్కడపడితే అక్కడ కనిపించే బాసిల్లస్ సబ్టిలిస్ అనే బాక్టీరియాకు తిండి కరువైతే, కణం తన లోపలే ఒక స్పోర్‌ను తయారుచేసుకుంటుంది. అందులో నీరు చాలా తక్కువ, చుట్టూ దట్టమైన ప్రోటీన్ పొరలు. ల్యాబుల్లో రోజూ వేసే గ్రామ్ రంగులు ఆ పొరలు దాటి లోపలికి పోలేవు. కణమంతా ఊదారంగు ఎక్కినా, స్పోర్ ఉన్నచోట మాత్రం తెల్లటి ఖాళీ మిగిలిపోతుంది.

ఆ ఖాళీని నింపడానికి షేఫర్, ఫుల్టన్ 1933లో ప్రకటించిన పద్ధతే నేటికీ వాడుకలో ఉంది. రెండు మూడు రోజులు పెరిగిన కల్చర్‌ను స్లైడు మీద పలచగా పూసి, ఆరబెట్టి, మంట మీదుగా రెండు మూడుసార్లు పోనిస్తారు. పైన చిన్న వడపోత కాగితం ముక్క పెట్టి, 5 శాతం మలకైట్ గ్రీన్‌తో తడిపి, మరుగుతున్న నీళ్ల ఆవిరిపై 5 నిమిషాలు ఉంచుతారు. రంగు ఆరిపోకుండా మళ్లీ మళ్లీ చుక్కలు వేస్తూ ఉండాలి. ఆరితే స్లైడు నిండా ఆకుపచ్చ స్ఫటికాలే మిగులుతాయి.

అసలు పని చేసేది ఆ వేడే. వేడికి స్పోర్ పొరలు రంగును లోపలికి రానిస్తాయి. చల్లారాక అవి మళ్లీ అడ్డుగోడలవుతాయి, లోపలికి చేరిన రంగు అక్కడే చిక్కుకుంటుంది. అందుకే స్లైడు చల్లారాకే కడగాలి. పైగా వేడి గాజు మీద చన్నీళ్లు పడితే పగిలిపోవచ్చు కూడా. మామూలు కణాల్లోకీ మలకైట్ గ్రీన్ వెళ్తుంది కానీ వాటిని గట్టిగా పట్టుకోదు. అర నిమిషం పాటు నీళ్లతో కడిగితే చాలు, వదిలిపోతుంది. ఆల్కహాల్‌తో గానీ ఆమ్లంతో గానీ పనిలేకపోవడం ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చే సంగతి. తర్వాత ఒక నిమిషం సాఫ్రనిన్ వేస్తే, ఖాళీ అయిన కణాలు ఎర్రబారతాయి. ఈసారి వేడి లేదు కాబట్టి ఆ ఎరుపు స్పోర్‌లోకి చొరబడదు.

ఆయిల్ ఇమ్మర్షన్ లెన్స్ కింద చూస్తే గులాబీ రంగు కడ్డీలు, వాటి నడిమిభాగంలో కోలగా ఆకుపచ్చ చుక్కలు కనిపిస్తాయి. కణం చితికిపోయి బయటపడ్డ స్పోర్లు విడివిడిగా ఉంటాయి. ధనుర్వాతం తెచ్చే క్లాస్ట్రిడియం టెటానిలోనైతే స్పోర్ ఒక చివర ఉబ్బి, కణం డోలుకర్రలా అగుపిస్తుంది.

ఒక్కోసారి ఆకుపచ్చ ఎక్కడా కనబడదు. అప్పుడు కడ్డీల లోపలికి జాగ్రత్తగా చూడాలి. గులాబీ మధ్య తెల్లటి ఖాళీలుంటే స్పోర్లు ఉన్నాయి, ఆవిరి చాలలేదన్నమాట. కడ్డీ పొడవునా గులాబీయే ఉంటే కల్చర్ ఇంకా లేతది, మరో రోజు ఆగాలి. కడ్డీలు కూడా ఆకుపచ్చగా ఉంటే కడగడం చాలలేదు.

అయితే ఆకుపచ్చగా ఉన్న ప్రతి స్పోర్ బతికి ఉందని కాదు. చచ్చిన స్పోర్ కూడా రంగు పట్టుకోవచ్చు. ఆటోక్లేవ్ సరిగ్గా పనిచేసిందో లేదో ఈ స్లైడు చెప్పలేదు. అది తెలియాలంటే ఆ స్పోర్లను పోషక ద్రవంలో వేసి, మొలకెత్తుతాయేమో చూడాల్సిందే.