అంకె చిన్నది, పేరు పెద్దది: వెడల్పాటి పట్టికలో శీర్షికల లెక్క

ఎన్నికలు ముగిశాక ప్రతి నియోజకవర్గానికీ ఫారం-20 అనే తుది ఫలితాల పత్రం తయారవుతుంది. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లో ఉన్న నమూనా ఇది. ఏ పోలింగ్ కేంద్రంలో ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లు పడ్డాయో ఇందులో వరసగా ఉంటుంది. మన ఊరు ఎటు మొగ్గిందో తేల్చుకోవాలనుకునే కార్యకర్తకైనా, విలేఖరికైనా చివరికి ఇదే ఆధారం. దీన్ని ఎక్సెల్‌లోకి ఎక్కించుకుని ఒక ప్రింటు తీసుకుందామని కూర్చున్నవారికి మొదటి చిక్కు అంకెలతో రాదు, శీర్షికలతో వస్తుంది.

ఒక అసెంబ్లీ స్థానంలో 16 మంది పోటీ చేశారనుకుందాం. వాళ్లకు 16 కాలమ్‌లు. వాటి తర్వాత చెల్లిన ఓట్ల మొత్తం, తిరస్కరించినవి, నోటా, అన్నీ కలిపిన మొత్తం, టెండర్ ఓట్లు అని మరో 5. మొత్తం 21. ఒక పోలింగ్ కేంద్రంలో ఒక అభ్యర్థికి పడే ఓట్లు మూడంకెలు, మహా అయితే నాలుగంకెలు. పైన ఉండాల్సిన పేరు మాత్రం ఇంటిపేరుతో కలిపి పాతిక అక్షరాల దాకా పోతుంది. కాలిబ్రి 11 సైజులో ఆ పేరును అడ్డంగా రాస్తే దాదాపు 48 మిల్లీమీటర్లు కావాలి. ఇలాంటివి 21 అంటే మీటరు పైమాటే. అడ్డంగా పెట్టిన ఏ4 కాగితం వెడల్పు 297 మిల్లీమీటర్లే.

పేర్లు కుదిస్తే పోదా అనిపిస్తుంది. చాలా పట్టికల్లో అదే సరైన వైద్యం. ప్రతి శీర్షికలోనూ ‘రూపాయల్లో’ అని రాసే బదులు పట్టిక పైన ఒక్కసారి రాస్తే సగం బరువు దిగిపోతుంది. కానీ అభ్యర్థుల పేర్ల దగ్గర ఈ కత్తెర ఆడదు. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్న స్వతంత్రులు ప్రధాన అభ్యర్థి పక్కనే పోటీలో ఉండటం మనకు కొత్త కాదు. పొడి అక్షరాలు పెడితే ఎవరి ఓట్లు ఎవరివో తెలియదు. పేరు పూర్తిగా ఉండాలి, కాలమ్ ఇరుకుగా ఉండాలి. అక్షరాలను తిప్పాల్సిన అవసరం వచ్చేది సరిగ్గా ఇలాంటి చోటే.

ఎక్సెల్‌లో శీర్షికల వరసను ఎంచుకుని Home ట్యాబ్‌లో Alignment భాగంలోని Orientation బటన్ నొక్కితే దారులన్నీ కనిపిస్తాయి. Angle Counterclockwise అంటే అక్షరాలు 45 డిగ్రీల వాలుతో పైకి ఎక్కుతాయి. Rotate Text Up అంటే పేరు మొత్తం 90 డిగ్రీలు తిరిగి కింది నుంచి పైకి నిలబడుతుంది. మనకు నచ్చిన కోణం కావాలంటే Ctrl+1 నొక్కి, Alignment ట్యాబ్‌లో Degrees దగ్గర -90 నుంచి 90 దాకా ఏ అంకైనా ఇవ్వవచ్చు. ఇవి కాక Vertical Text అని ఒకటుంది. అది అక్షరాలను తిప్పదు, ఒకదాని కింద ఒకటి పేరుస్తుంది. పైన గుడులు, కింద ఒత్తులు ఉండే తెలుగుకు ఈ పద్ధతి నప్పదు. పాతిక అక్షరాల పేరు పాతిక మెట్లుగా విడిపోతే చదివేవారు కూడబలుక్కోవాలి. దాన్ని పక్కన పెట్టేయండి.

ఇక మిగిలింది 45 డిగ్రీలా, 90 డిగ్రీలా అన్నది. వాలు శీర్షిక చూడటానికి బాగుంటుంది, మెడ వంచకుండా చదవవచ్చు. అయితే దానికి కూడా చోటు కావాలి. 48 మిల్లీమీటర్ల పేరును 45 డిగ్రీలకు వాలిస్తే వరస ఎత్తు 38 మిల్లీమీటర్ల దాకా వస్తుంది. అదే పేరు కుడివైపు 34 మిల్లీమీటర్లు జరుగుతుంది. మధ్య కాలమ్‌లకు ఇబ్బంది లేదు, పక్కవాటి నెత్తి మీదుగా పోతాయి. చివరి కాలమ్ పేరు మాత్రం పట్టిక అంచు దాటి బయటికి వస్తుంది. ప్రింట్ ఏరియాను పట్టిక దాకానే గీస్తే ఆ పేరు తెగిపోయే ప్రమాదం ఉంది కాబట్టి, కుడివైపు ఖాళీ కాలమ్‌లను కూడా అందులో కలుపుకోవాలి.

ఇప్పుడు మన పట్టికకు లెక్క వేద్దాం. కాలమ్ వెడల్పు 5 అని పెడితే కాగితం మీద దాదాపు 10.6 మిల్లీమీటర్లు వస్తుంది. 21 కాలమ్‌లకు 222. వరస సంఖ్య కాలమ్‌కు ఇంకో పదిన్నర. మార్జిన్లను Narrow చేస్తే ఏ4లో 284 మిల్లీమీటర్లు చేతికి వస్తాయి. అంటే పోలింగ్ కేంద్రం పేరుకు 51 మిల్లీమీటర్లు మిగిలాయి. 45 డిగ్రీల వాలు పెడితే అందులోంచి 34 పోయి 17 మాత్రమే మిగులుతాయి. అందులో ఏ ఊరి పేరూ పట్టదు. కాబట్టి ఈ కాగితానికి 90 డిగ్రీలే సరి.

90కి ఇంకో లాభం ఉంది. పదిన్నర మిల్లీమీటర్ల కాలమ్‌లో నిలువు పేరు రెండు వరసలుగా పడుతుంది. ఇంటిపేరు తర్వాత Alt+Enter నొక్కితే పేరు రెండుగా విరిగి, శీర్షిక ఎత్తు 48 నుంచి దాదాపు సగానికి దిగుతుంది. తెలుగు ఫాంట్లకు వరస ఎత్తు ఎక్కువ కావాలి కాబట్టి శీర్షికల సైజు 9కి తగ్గించుకోవడం మంచిది. దీనివల్ల ప్రతి పేజీలో ఇంకో నాలుగు పోలింగ్ కేంద్రాలు పడతాయి. వాలు శీర్షికలో ఈ వీలు ఉండదు. 45 డిగ్రీల దగ్గర రెండు పేర్ల మధ్య దూరం ఏడున్నర మిల్లీమీటర్లకు తగ్గిపోతుంది, ఒక్క వరసే పడుతుంది.

తెర మీద చూసే పట్టికకు కుడి అంచు బెంగ లేదు కాబట్టి అక్కడ 45 డిగ్రీలు హాయిగా పెట్టుకోవచ్చు. అయితే గడులకు బోర్డర్లు తప్పక ఇవ్వాలి. ఎక్సెల్ ఆ గీతలను కూడా అక్షరాలతో పాటే వాల్చి, ప్రతి పేరునూ దాని కాలమ్ దాకా దింపుతుంది. గీతలు లేని వాలు శీర్షికల్లో ఏ పేరు ఏ కాలమ్‌దో వేలు పెట్టి చూసుకోవాల్సి వస్తుంది. గూగుల్ షీట్స్‌లో ఈ పని Format మెనూలో Rotation కింద, లిబ్రేఆఫీస్ కాల్క్‌లో Format Cells పెట్టెలోని Alignment ట్యాబ్‌లో ఉంటుంది.

తిప్పిన తర్వాత చూసుకోవాల్సినవి మూడున్నాయి. మొదటిది, పేరు చివర అక్షరాలు మాయమవడం. వరస ఎత్తును అంతకుముందే చేత్తో లాగి ఉంటే ఎక్సెల్ దాన్ని తనంతట తాను పెంచదు. ఎడమ అంచున వరస సంఖ్య కింది గీత మీద రెండుసార్లు క్లిక్ చేస్తే సరిపోతుంది. గడులను మెర్జ్ చేసి ఉంటే మాత్రం ఈ కిటుకు పనిచేయదు, ఎత్తు చేత్తోనే లాగాలి.

రెండోది, అట్టడుగున మొత్తం వరసలో ఓట్ల బదులు #### కనిపించడం. కేంద్రాల దగ్గర మూడంకెలకు సరిపోయిన కాలమ్, మొత్తం దగ్గర లక్ష దాటే సరికి చాలదు. ఆ ఒక్క వరసను ఎంచుకుని Ctrl+1లో Shrink to fit పెడితే అంకె చిన్నదై గడిలో ఇముడుతుంది. దాని కోసం 21 కాలమ్‌లనూ వెడల్పు చేయనక్కరలేదు.

మూడోది ఫిల్టర్ బాణం. అది గడి కింది మూలలో కూర్చుని, నిలువు పేరు మొదటి అక్షరాలను కప్పేస్తుంది. దీనికి మందు మన ప్రభుత్వ ఫారాల్లోనే ఉంది. శీర్షికల కింద 1, 2, 3 అని కాలమ్ నంబర్ల వరస ఒకటి ఉంటుంది కదా. ఆ వరసను ఎంచుకుని Ctrl+Shift+L నొక్కితే బాణాలు అక్కడికి దిగుతాయి, పేర్లు శుభ్రంగా ఉంటాయి.

పై వరస చక్కబడింది. ఎడమవైపు మిగిలిన 51 మిల్లీమీటర్ల సంగతి చూద్దాం. మండలానికొక కాలమ్, ఊరికొకటి, పోలింగ్ కేంద్రానికొకటి పెడితే ఆ చోటు చాలదు. మూడింటినీ ఒకే కాలమ్‌లో పెట్టి, మండలాన్ని అంచుకు, ఊరిని ఒక మెట్టు లోపలికి, కేంద్రాన్ని రెండు మెట్లు లోపలికి జరపాలి. Increase Indent బటన్ ఉన్నది ఇందుకే. ఒక్కో నొక్కుకు దాదాపు ఒక అక్షరం వెడల్పు జరుగుతుంది. ఏది దేని కిందిదో కంటికి వెంటనే తెలుస్తుంది.

ఈ జరపడాన్ని స్పేస్‌బార్‌తో చేసేవారు ఎక్కువ. కాగితం మీద తేడా కనిపించదు, కానీ ముందు ఖాళీలున్న ఊరి పేరు, ఖాళీలు లేని ఊరి పేరు ఎక్సెల్ దృష్టిలో రెండు వేర్వేరు ఊళ్లు. పాత ఎన్నికల షీటుతో VLOOKUP పెట్టి పోల్చబోతే #N/A వస్తుంది. ఎవరో అలా ఖాళీలు కొట్టి ఇచ్చిన షీటు చేతికి వస్తే, పక్క కాలమ్‌లో ఈ సూత్రం రాసి పేర్లను శుభ్రం చేసుకోవచ్చు. వెబ్ పేజీల నుంచి కాపీ చేసినప్పుడు వెంట వచ్చే మొండి ఖాళీలను కూడా ఇది తీసేస్తుంది.

```
=TRIM(SUBSTITUTE(B7,CHAR(160)," "))
```

ఒక జాగ్రత్త. మెట్లుగా జరిపిన ఈ కాలమ్ ప్రింటు కోసమే. వడపోతకు, లెక్కలకు వాడే అసలు షీటులో మండలం, ఊరు, కేంద్రం విడి కాలమ్‌లలోనే ఉండాలి.

ఈ ఉపాయాలన్నిటికీ ఒక హద్దుంది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్‌లో 185 మంది పోటీ చేశారు, వారిలో ఎక్కువమంది పసుపు, ఎర్రజొన్న రైతులు. ఒక్కో పేరునూ నిలబెట్టి పదిన్నర మిల్లీమీటర్లే ఇచ్చినా ఆ పట్టిక దాదాపు రెండు మీటర్ల పొడవు తేలుతుంది. అక్కడ తిప్పాల్సింది అక్షరాలను కాదు, పట్టికను. ఆ స్థానం కింద ఉన్నవి 7 అసెంబ్లీ సెగ్మెంట్లు. అభ్యర్థులను వరసల్లో, సెగ్మెంట్లను కాలమ్‌లలో పెడితే 185 పేర్లూ అడ్డంగా, మామూలుగా చదువుకునేలా ఉంటాయి. ముందే తయారైన పట్టికను అలా మార్చాలంటే కాపీ చేసి, Paste Specialలో Transpose టిక్ పెడితే చాలు.

కాబట్టి Orientation బటన్ మీద చేయి పడకముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. ఈ పేరును కుదించవచ్చా? ఈ పట్టికను అడ్డం తిప్పవచ్చా? రెంటికీ కాదనే జవాబు వస్తే అప్పుడు కాగితానికి 90, తెరకు 45 పెట్టండి. తర్వాత ఒక్క పేజీ ప్రింటు తీసి, ఆ పట్టిక తయారీతో సంబంధం లేని మనిషి చేతికిచ్చి, ఫలానా ఊళ్లో ఫలానా అభ్యర్థికి ఎన్ని ఓట్లు పడ్డాయో చెప్పమనండి. తడుముకోకుండా చెప్పగలిగితే మిగిలిన పేజీలు తీయండి.