జర్మనీ అంకెలు, మన ఎక్సెల్

జర్మనీలో 1.250 అని రాస్తే పన్నెండు వందల యాభై. మన దగ్గర అదే ఒకటింబావు. వాళ్లు వేలను చుక్కతో విడదీసి, దశాంశానికి కామా పెడతారు. మన పద్ధతి దానికి సరిగ్గా తలకిందులు. సరుకును ఎదురుగా పెట్టుకున్న మనిషికి ఏది ఏమిటో తెలిసిపోతుంది కానీ, ఎక్సెల్‌కు తెలిసింది తన కంప్యూటర్ సెట్టింగు ఒక్కటే.

హైదరాబాద్‌లో యంత్రభాగాలు దిగుమతి చేసుకునే ఒక వ్యాపారికి జర్మనీ నుంచి మెయిల్‌లో బరువుల పట్టిక వచ్చిందనుకుందాం. కిలోల కాలమ్‌లో 1.250, 12,500, 1.234,500 అని ఉన్నాయి. వాటి అసలు విలువలు 1250, పన్నెండున్నర, 1234.5. మొత్తం 2497 కిలోలు. కాపీ చేసి మన సెట్టింగున్న ఎక్సెల్‌లో పేస్ట్ చేస్తే మొదటిది 1.25 అవుతుంది, రెండోది 12500 అవుతుంది. మూడోది అంకెగా అర్థంకాక అక్షరాల్లా గడిలో ఎడమవైపు ఉండిపోతుంది. SUM దాన్ని వదిలేస్తుంది. మొత్తం 12501.25 వస్తుంది.

ఎడమకు జరిగిన గడి నయం, కంటికి కనిపిస్తుంది. మిగతా రెండూ బుద్ధిగా కుడివైపు చేరి, ఏ హెచ్చరికా లేకుండా తప్పు చెబుతాయి.

అందుకే పేస్ట్ చేయకముందే ఆ కాలమ్‌ను Text ఫార్మాట్‌లోకి మార్చాలి. తర్వాత Match Destination Formatting ఎంచుకుని పేస్ట్ చేస్తే అంకెలు వచ్చినవి వచ్చినట్టే ఉంటాయి. ఆపైన పక్క కాలమ్‌లో ఈ ఫార్ములా:

```
=NUMBERVALUE(A2,",",".")
```

ఇందులో మొదటి గుర్తు దశాంశానిది, రెండోది వేలది. ఈ వరుస తప్పితే ప్రయోజనం లేదు. ఎక్సెల్ ముందే 1.250ని 1.25గా మార్చేశాక ఈ ఫార్ములా వాడితే 125 వస్తుంది, ఎందుకంటే చివరి సున్నా అప్పటికే పోయింది. Find and Replaceతో చేసేవారు ముందు చుక్కలన్నీ తీసేసి, ఆ తర్వాతే కామాలను చుక్కలుగా మార్చాలి. తిరగేసి చేస్తే 1.234,500 కాస్తా 1234500 అవుతుంది.

పట్టిక ఏ దేశానిదో తెలియనప్పుడు రెండు గుర్తులూ ఉన్న అంకె కోసం వెతకండి. అందులో చివర వచ్చేది దశాంశం. ఒకే గుర్తు రెండుసార్లు కనిపిస్తే అది వేలను విడదీసేది. మన 12,34,567 కూడా అంతే. ఫ్రెంచ్ పట్టికల్లో వేల మధ్య ఖాళీ వదులుతారు. అది మామూలు స్పేస్ కాకపోవచ్చు, కాబట్టి గడిలోంచే కాపీ చేసి Find పెట్టెలో పెట్టాలి.

కాలమ్ అంతటా 1.250 లాంటివే ఉంటే ఏ సూత్రమూ తేల్చలేదు. అప్పుడు పట్టికలోని మొత్తంతో సరిచూడండి, అదీ లేకపోతే పంపినవారినే అడగండి.