వారంటీ ఉన్న కారు ఎవరి చేతికి?

గుంటూరులో ఒక చిన్న పెట్రోలు కారు ఉందనుకుందాం. రెండేళ్లు నిండబోతున్నాయి, మీటరు ఇరవై వేలకు చేరింది. ఉచిత సర్వీసులు మూడూ అయిపోయాయి. ఇంకో ఏడాది వారంటీ మిగిలి ఉంది. కంపెనీ సర్వీస్ సెంటర్ వాళ్లు తొమ్మిది వేలవుతుందన్నారు. వీధి చివరి మెకానిక్ ముప్పై ఎనిమిది వందలకే చేసిపెడతానన్నాడు. ఆ మాట చెప్పగానే సర్వీస్ అడ్వైజర్ నోట వచ్చే జవాబు అందరూ విన్నదే: “బయట చేయిస్తే వారంటీ పోతుంది సార్!”

అది సగమే నిజం. విడిభాగాల అమ్మకాల్లో, సర్వీసింగ్‌లో పోటీకి అడ్డుపడుతున్నాయంటూ భారత పోటీ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు రెండున్నర వేల కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. బయటి మెకానిక్ చేయి పడిందన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చేయకూడదనీ, బయట చేసిన పని వల్ల ఏ మేరకు నష్టం జరిగితే ఆ మేరకే నిరాకరించవచ్చనీ చెప్పింది. కంపెనీలు ఊరుకోలేదు, పై మెట్లెక్కాయి. ఆ వ్యాజ్యం సంగతి ఎలా ఉన్నా, అందులోని తర్కం కారున్న ప్రతివాళ్లూ గుర్తుపెట్టుకోదగ్గది. బయట బ్రేక్ ప్యాడ్లు మార్పించుకున్నంత మాత్రాన ఏసీ కంప్రెసర్‌కు వారంటీ పోదు. అదే హారన్ కోసమో ఫాగ్ ల్యాంపుల కోసమో వైరింగ్ కోసి అతుకులు వేయిస్తే, రేపు ఎలక్ట్రికల్ లోపం వచ్చినప్పుడు కంపెనీ ఆ అతుకునే వేలెత్తి చూపిస్తుంది. అలా చూపించడంలో తప్పూ లేదు.

అయినా చాలా వివాదాలు బయటి పని దగ్గర కాదు, కాగితాల దగ్గర తెగుతాయి. చెప్పిన గడువుకు సర్వీసు జరిగిందా, సరైన ఆయిల్ పోశారా అని కంపెనీ అడుగుతుంది. షెడ్డులో బిల్లు రాయరు. రాసినా “సర్వీసింగ్” అన్న ఒక్క ముక్క తప్ప ఆయిల్ గ్రేడు, తేదీ, కిలోమీటర్లు ఉండవు. ఇంజిన్‌లో తేడా వచ్చిన రోజున ఆ ముక్క ఎందుకూ కొరగాదు.

ఆయిల్ సంగతి మరీ ముఖ్యం. ఇప్పటి చిన్న పెట్రోలు ఇంజిన్లలో చాలావాటికి 0W-20 లాంటి పల్చని ఆయిల్ కావాలి. వాల్వుల టైమింగ్ మార్చే ఏర్పాటు సన్నటి దారుల్లో పారే ఆయిల్ ఒత్తిడితోనే పనిచేస్తుంది. పాత అలవాటు కొద్దీ డ్రమ్ములోంచి 20W-40 పోస్తే బండి నడుస్తుంది, కానీ పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు పైదాకా చేరడానికి ఆలస్యమవుతుంది, మైలేజీ కూడా తగ్గుతుంది. కాబట్టి బయట చేయించేవాళ్లు యజమాని మాన్యువల్లో రాసిన గ్రేడు ఆయిల్‌ను సీలు డబ్బాలో తామే కొనిచ్చి, కళ్లెదుటే విప్పించాలి. ఖాళీ డబ్బాకు చిల్లు పొడిచి పారేస్తే మరీ మంచిది. నకిలీ ఆయిల్ నింపేవాళ్లకు కావలసింది ఆ డబ్బాలే.

ఇప్పుడు ఆ తొమ్మిది వేల అంచనాలోకి వద్దాం. మూడున్నర లీటర్ల ఆయిల్, ఫిల్టర్, వాషర్, కూలి, వీల్ అలైన్‌మెంట్ కలిపితే నలభై ఎనిమిది వందలు. తక్కిన నలభై రెండు వందలు ఇంజెక్టర్ క్లీనింగ్, ఏసీ క్రిమిసంహారం, అడుగుభాగం కోటింగ్‌లవి. మాన్యువల్ వెనక పేజీల్లో ఎన్ని వేలకు ఏది మార్చాలో, ఏది చూసి వదిలేయాలో పట్టిక ఉంటుంది. ఆ అదనాల్లో ఒక్కటీ అందులో కనబడదు. బండిలో ఫలానా ఇబ్బంది ఉందని చూపిస్తే తప్ప వాటికి ఒప్పుకోనక్కర్లేదు. జాబ్ కార్డు మీద సంతకం పెట్టేముందే కొట్టేయించాలి, బిల్లయ్యాక వాదించి లాభం లేదు. అలా కొట్టేయిస్తే రెండు చోట్లకీ మిగిలే తేడా వెయ్యి రూపాయలు. వారంటీ ఉన్నన్నాళ్లూ, కంపెనీ రికార్డుల్లో సర్వీసు చరిత్ర నమోదు కావడానికి ఆ వెయ్యి ఎక్కువేమీ కాదు. పొడిగించిన వారంటీ కొన్నవాళ్లకైతే ఎంపిక ఇంకా తక్కువ. అది వేరే ఒప్పందం, అధీకృత కేంద్రంలోనే సర్వీసు చేయించాలన్న షరతు చాలావాటిలో ఉంటుంది. చదివాకే బయటికెళ్లాలి.

వారంటీ అయిపోయాక త్రాసు మెకానిక్ వైపు మొగ్గుతుంది. సర్వీస్ సెంటర్‌లో చాలాసార్లు మరమ్మతు కంటే మార్పుకే మొగ్గుచూపుతారు. సస్పెన్షన్‌లో ఒక బుష్ అరిగి టకటకమంటే, ఆర్మ్ మొత్తం మార్చాలంటారు. విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో ఆ బుష్ ఒక్కటే తెచ్చి, పాతది నొక్కి తీసి కొత్తది ఎక్కించే మెకానిక్ దొరుకుతాడు. తీసిన సామాను చేతికిచ్చి, “అన్నా, ఇదిగో ఇక్కడ చీలింది” అని చూపించేవాడైతే అతణ్ని వదులుకోకూడదు. స్కానర్ లేకుండానే సెన్సర్ పోయిందని తేల్చేసేవాడి దగ్గర మాత్రం జాగ్రత్త.

బండి ఎంత పాతదైనా, ఎన్నేళ్లుగా షెడ్డులోనే చేయిస్తున్నా, అధీకృత కేంద్రానికి వెళ్లవలసిన పని ఒకటుంది. తయారీ లోపం బయటపడి కంపెనీ రీకాల్ ప్రకటిస్తే ఆ భాగాన్ని ఉచితంగా మారుస్తారు, వారంటీ ముగిసిందా అన్న ప్రశ్న రాదు. ఆర్‌సీ మీద ఉండే ఛాసిస్ నంబరును కంపెనీ వెబ్‌సైట్‌లో కొడితే ఆ బండి జాబితాలో ఉందో లేదో తెలుస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లకు ఆ కబురు అందకపోవచ్చు, ఫోన్లూ ఉత్తరాలూ పాత యజమానికే వెళ్తుంటాయి.