ఇంటర్వ్యూ తర్వాత మౌనం: రెండో మెయిల్ ఎప్పుడు?

మంగళవారం ఇంటర్వ్యూ బాగానే జరిగింది. "వచ్చే వారంలో చెబుతాం" అన్నారు హెచ్‌ఆర్ ఆవిడ. ఆ సాయంత్రమే ధన్యవాదాలు చెబుతూ మీరు మెయిల్ పెట్టారు. జవాబు లేదు. చెప్పిన వారం కూడా గడిచిపోయింది. మళ్లీ రాస్తే వెంటపడుతున్నామనుకుంటారేమో అని భయం.

రాయండి. ఆ మౌనం చాలాసార్లు మీ గురించి కాదు. హెచ్‌ఆర్ వాళ్ల చేతిలో సాధారణంగా నిర్ణయం ఉండదు. ఇంటర్వ్యూ చేసిన మేనేజరు తన అభిప్రాయం పంపాలి, మిగతా అభ్యర్థుల వంతు పూర్తవ్వాలి, జీతానికి పైనుంచి ఆమోదం రావాలి. ఒక్కోసారి ఆఫర్ ముందుగా వేరొకరికి వెళ్లి ఉంటుంది. మన ఐటీ ఉద్యోగాల్లో రెండు మూడు నెలల నోటీసు పీరియడ్ మామూలే కాబట్టి, చేరే తేదీ మీదా జీతం మీదా బేరం సాగుతూనే ఉంటుంది. అది తేలేదాకా రెండో స్థానంలో ఉన్నవారికి అవుననీ చెప్పరు, కాదనీ చెప్పరు. అందుకే మూడో రోజే అడిగినా వాళ్ల దగ్గర చెప్పడానికి ఏమీ ఉండదు.

ఎదురుచూపును మీరు మెయిల్ పెట్టిన రోజు నుంచి కాదు, వాళ్లిచ్చిన గడువు నుంచి లెక్కపెట్టాలి. పై ఉదాహరణలో గడువు వచ్చే శుక్రవారంతో ముగుస్తుంది. ఆ తర్వాత రెండు పనిదినాలు వదిలి, బుధవారం రాస్తే సరిపోతుంది. గడువేమీ చెప్పకపోతే ఇంటర్వ్యూ నుంచి వారం, పది రోజులు ఆగడం మంచిది.

కొత్త మెయిల్ మొదలుపెట్టకుండా పాతదానికే రిప్లై ఇవ్వండి. మీరెవరో, ఏ ఉద్యోగమో వాళ్లు వెతుక్కోనక్కర్లేదు. "ఏమైంది?" అన్న ప్రశ్నకు జవాబివ్వడం వాళ్లకు కష్టం. దానికి బదులు ఇలా అడగొచ్చు: "ఫలానా తేదీన ఇంటర్వ్యూకు వచ్చాను. నిర్ణయం ఇంకా పరిశీలనలోనే ఉందా? ఎప్పటికల్లా తెలియవచ్చు?" వీటికి ఒక్క వాక్యంలో బదులివ్వొచ్చు, అందుకే జవాబు వచ్చే అవకాశం ఎక్కువ. "చూశారా?", "ప్లీజ్ రిప్లై" లాంటివి వద్దు. అదే రోజు వాట్సాప్‌లోనూ ఫోన్‌లోనూ అడిగితే మాత్రం నిజంగానే వెంటపడినట్టు ఉంటుంది.

ఈ లెక్కలన్నీ పక్కనపెట్టాల్సిన సందర్భం ఒకటుంది. మరో కంపెనీ మీకు ఆఫర్ ఇచ్చి, సోమవారంలోగా చెప్పమంటే ఆగకండి, ఆ రోజే రాయండి. "నాకు మరో ఆఫర్ ఉంది, సోమవారంలోగా జవాబివ్వాలి. మీ సంస్థలో చేరాలనే నా ఆసక్తి. ఆలోగా మీ నిర్ణయం తెలిసే వీలుందా?" అనండి. ఆ తేదీ చూపించి హెచ్‌ఆర్ వాళ్లు మేనేజరును తొందరపెట్టగలరు. లేని ఆఫర్‌ను మాత్రం ఉందని రాయొద్దు. "అయితే అక్కడే చేరండి" అంటే వెనక్కి తీసుకోలేరు.

రెండో మెయిల్‌కీ జవాబు రాకపోతే మరో రెండు వారాలకు ఇంకొక్కటి పంపి, ఆపేయండి. ఆ రెండు వారాలూ మిగతా చోట్ల దరఖాస్తులు పెడుతూనే ఉండండి.