తొమ్మిదింటికి అందరూ ఉంటారు, మరి ఆర్డర్లేవి?

మా పిన్ని కూతురు తెనాలిలో ఇంటి దగ్గరే ఆవకాయ, మాగాయ, గోంగూర పెట్టి ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముతుంది. ఫాలోవర్లు ఆరు వేల పైచిలుకు. పోయిన వేసవిలో ఓ రాత్రి ఫోన్ చేసింది. "అన్నయ్యా, తొమ్మిదింటికి పెట్టమంటే తొమ్మిదింటికే పెడుతున్నా. మూడు వారాలైంది. ఆర్డర్లు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి. ఇదంతా ఉత్తిదేనా?"

పెట్టమన్నది ఎవరని అడిగితే రెండు చోట్ల చూశానంది. ఒకటి ఇన్‌స్టాగ్రామ్‌లోనే ఇన్‌సైట్స్ కింద కనిపించే `Most active times` అనే గ్రాఫ్. రెండోది, పోస్టుల్ని ముందే సర్ది పెట్టుకోవడానికి తను నెల నెలా డబ్బు కట్టి వాడుతున్న షెడ్యూలింగ్ యాప్. రెండూ రాత్రి తొమ్మిదే అన్నాయి కాబట్టి ఇక సందేహం ఎందుకనుకుంది. నిజానికి ఆ రెండూ లెక్కించేవి వేర్వేరు సంగతులు. రెండింటి జవాబూ ఒకటే కావడం కాకతాళీయం.

మొదటిది చూద్దాం. ఒక గంటలో మీ ఫాలోవర్లలో ఎంతమంది ఇన్‌స్టాగ్రామ్ తెరిచారో కంపెనీ దగ్గర లెక్క ఉంటుంది. బయటి యాప్‌లకు కూడా ఆ లెక్కను `online_followers` అనే పేరుతో, 0 నుంచి 23 వరకు గంటగంటకూ ఒక అంకెగా అందిస్తుంది. నాలుగు మంగళవారాల రాత్రి తొమ్మిదింటి అంకెలు కలిపి నాలుగుతో భాగిస్తే మంగళవారం తొమ్మిదింటి సగటు వస్తుంది. ఇలా వారంలో ఉన్న 168 గంటలకూ చేసి, అన్నిటికన్నా పొడుగు బార్ ఎక్కడుందో అదే మంచి సమయం అంటారు. లెక్కంతా అంతే, ఇందులో గొప్ప రహస్యమేమీ లేదు.

మా చెల్లెలి అంకెలు తెప్పించుకుని చూశాను. నాలుగు మంగళవారాల్లో రాత్రి తొమ్మిది గంటలకు 2,310, 2,280, 2,350, 2,420. సగటు 2,340. సాయంత్రం ఆరింటి సగటు 2,120. ఉన్న ఫాలోవర్లు 6,200 మంది కాబట్టి ఆరుకూ తొమ్మిదికీ తేడా 220 మంది, అంటే నూటికి ముగ్గురో నలుగురో. యాప్ బొమ్మలో మాత్రం తొమ్మిదింటి బార్ ముదురు రంగులో, పక్కన నక్షత్రంతో వెలిగిపోతోంది. చూసేవాళ్లకు ఆరింటికి ఊరంతా నిద్రపోతోందేమో అనిపిస్తుంది. పైగా తొమ్మిదింటికి ఉన్న 2,340 మంది కొత్తవాళ్లు కారు. వాళ్లలో చాలామంది ఏడుకూ ఎనిమిదికీ కూడా ఫోన్ తెరిచినవాళ్లే. ప్రతి గంటలోనూ వాళ్లను మళ్లీ లెక్కేస్తారు.

సగటులో ఇంకో చిక్కుంది. అది గడిచిన నెల తాలూకు సగటు. ఆ నెల మే. ఐపీఎల్ మ్యాచ్‌లు రాత్రి ఏడున్నరకు మొదలవుతాయి. ఓవర్‌కీ ఓవర్‌కీ మధ్య, వికెట్ పడ్డప్పుడు చేతిలోని ఫోన్ తెరవని ఇల్లుందా? పిల్లలకు సెలవులు, పెద్దలకు ఆలస్యపు భోజనాలు. ఆ బార్ అంత పొడుగవడంలో వీటి చెయ్యి లేదని చెప్పలేం. జూన్‌లో బళ్లు తెరిచాక ఇళ్లన్నీ పదింటికే దీపాలార్పేసినా, గ్రాఫ్‌లో మే నెల రాత్రులు ఇంకొన్నాళ్లు కనిపిస్తూనే ఉంటాయి.

ఇదంతా పక్కన పెట్టి, తొమ్మిదింటికి నిజంగానే ఎక్కువమంది ఉన్నారనుకుందాం. వాళ్లు అక్కడున్నంత మాత్రాన మన పోస్టు వాళ్ల ముందుకొస్తుందా? 2016కు ముందైతే ఇన్‌స్టాగ్రామ్ కొత్తవి పైన, పాతవి కింద అన్న వరసలో చూపించేది. అప్పట్లో జనం ఉన్నప్పుడు పెట్టడమన్నది నేరుగా పనికొచ్చే సలహా. ఆ ఏడాది నుంచి ఎవరికి ఏది నచ్చుతుందో అంచనా కట్టి వరస పేర్చడం మొదలైంది. ఇప్పుడు సాయంత్రం ఆరింటికి పెట్టిన ఆవకాయ ఫొటో రాత్రి తొమ్మిదింటికి ఫోన్ తెరిచినావిడకు పైనే కనిపించవచ్చు. తొమ్మిదింటికి పెట్టింది మర్నాడు మధ్యాహ్నం కనిపించవచ్చు. పెట్టిన వేళకు విలువ పూర్తిగా పోలేదు, తాజాదనాన్ని కూడా కొంత చూస్తారు. కానీ ఆరుకూ తొమ్మిదికీ మధ్య గోడంటూ ఏమీ లేదు. యూట్యూబ్ అయితే తన స్టూడియోలో ఇలాంటి ఊదారంగు గ్రాఫే చూపిస్తూ, ప్రచురించిన సమయం వీడియో దీర్ఘకాల ఫలితాన్ని నేరుగా ప్రభావితం చేస్తుందన్నది తమకు తెలిసిన విషయం కాదని తన సహాయ పేజీలోనే రాసుకుంది. గ్రాఫ్ చూసేవాళ్లలో ఆ వాక్యం దాకా వెళ్లేవాళ్లు తక్కువ.

సంతలో జనం ఎక్కువున్న వేళకే అంగళ్లూ ఎక్కువుంటాయి. రాత్రి తొమ్మిదికి జనం ఉంటారని మా చెల్లెలికి చెప్పినట్టే గుంటూరు పచ్చళ్లావిడకూ, చీరల లైవ్ పెట్టేవాళ్లకూ, సినిమా మీమ్ పేజీలకూ చెబుతారు. ఫోన్ చూసేవాళ్లు నూటికి నలుగురు పెరిగితే, వాళ్ల కళ్ల కోసం పోటీపడే పోస్టులు ఎన్ని పెరిగాయో ఆ గ్రాఫ్ చెప్పదు. దానికి తెలిసింది ఒక పక్క తూకమే.

ఇక రెండో చోటు, షెడ్యూలింగ్ యాప్. ఇది ఫాలోవర్ల హాజరుతో ఆగకుండా, ఆమె పాత పోస్టులు ఏ వేళకు పెడితే ఎంతమందికి చేరాయో కూడా చూస్తుంది. వినడానికి ఇది మరింత న్యాయంగా ఉంది. అది ఎంచిన గడి గురువారం రాత్రి తొమ్మిది. ఎందుకో విప్పి చూస్తే మూడు నెలల్లో ఆ వేళకు పెట్టినవి మూడే మూడు పోస్టులు. ఒకటి 1,900 మందికి చేరింది, ఇంకోటి 2,200 మందికి. మూడోది కత్తిపీట మీద మామిడికాయను టెంకతో సహా టకటకా కొట్టే రీలు. అది ఎలాగో పాకిపోయి 41,000 మందికి చేరింది. మూడిటి సగటు పదిహేను వేలు దాటింది. ఆ అదృష్టమంతా యాప్ గురువారం ఖాతాలో వేసేసింది. పెట్టింది మంగళవారం మధ్యాహ్నమైతే, ఇప్పుడు మంగళవారం మధ్యాహ్నాన్నే నెత్తిన పెట్టుకునేది. పైగా ఆ 41,000 మందిలో దాదాపు అంతా ఆమెను ఫాలో కానివాళ్లే. ఫాలోవర్లు ఎప్పుడు మేలుకుని ఉంటారన్న లెక్కకూ ఆ రీలుకూ సంబంధమే లేదు.

ఇలాంటి చోట సగటు కన్నా నడిమి అంకె నమ్మదగ్గది. అంకెల్ని చిన్నదాని నుంచి పెద్దదాకా వరసగా పేర్చి మధ్యలోది తీసుకోవడమన్నమాట. గురువారానికి అది 2,200. ఆదివారం ఉదయం ఏడింటికి పెట్టినవి నాలుగు: 2,600, 2,700, 2,900, 3,100. మధ్యలో రెండున్నాయి కాబట్టి వాటి నడుమ 2,800. ఒక్క రీలును పక్కన పెడితే ఆదివారం ఉదయమే మేలు. యాప్ దాన్ని నాలుగో స్థానంలో పడేసింది.

ఇంతకీ తొమ్మిదింటి పోస్టులే ఎందుకంత ఎక్కువున్నాయని అడిగాను. "పిల్లల్ని పడుకోబెట్టాక గానీ ఖాళీ దొరకదు కదన్నయ్యా" అంది. మూడు నెలల్లో నలభై పోస్టులు, వారంలో 168 గంటలు. నూటికి పైగా గడుల్లో ఒక్క పోస్టూ లేదు. పోస్టు లేని గడి గురించి యాప్‌కు తెలిసేదేమీ ఉండదు. పిల్లలు నిద్రపోయే వేళనే అది శాస్త్రీయమైన సలహాగా మార్చి ఆమె చేతికిచ్చింది, దానికి నెలకింతని డబ్బు కూడా తీసుకుని.

ఆదివారం ఉదయం గుట్టు ఫాలోవర్ల ఊళ్ల జాబితాలో దొరికింది. 6,200 మందిలో భారతదేశంలో ఉన్నవాళ్లు 5,000, అమెరికాలో 900, మిగిలినవాళ్లు గల్ఫ్, ఆస్ట్రేలియా. ఇక్కడివాళ్లు అరకిలో, కిలో అడుగుతారు. డాలస్ నుంచి ఒక ఆర్డరంటే నాలుగైదు రకాలు, ఒక్కో రకం రెండేసి కిలోలు. మనకు రాత్రి తొమ్మిదంటే వేసవిలో డాలస్‌లో ఉదయం పదిన్నర, ఆఫీసులో మీటింగుల వేళ. మనకు ఆదివారం ఉదయం ఏడంటే వాళ్లకు శనివారం రాత్రి ఎనిమిదిన్నర. న్యూజెర్సీలో తొమ్మిదిన్నర. భోజనాలై, సోఫాలో కూర్చుని, ఈసారి ఆవకాయ ఎవరి దగ్గర తెప్పిద్దామని మాట్లాడుకునే సమయమది. గ్రాఫ్ డాలస్ మనిషినీ తెనాలి మనిషినీ ఒక్కొక్కరిగానే కూడుతుంది. 5,000 పక్కన 900 బార్‌లో ఒక చిన్న ముక్క. డబ్బు పరంగా చూస్తే సగం వ్యాపారం.

సరే, పరీక్షించి చూద్దామన్నాను. ఎనిమిది ఆదివారాలు, ప్రతి ఆదివారం రెండు పోస్టులు. ఏది ఉదయం ఏడుకు, ఏది రాత్రి తొమ్మిదికి అన్నది రూపాయి బిళ్ల ఎగరేసి తేల్చాలి. బొమ్మ పడితే మొదటిది పొద్దున, బొరుసు పడితే రాత్రి. బిళ్ల ఎందుకంటే, మనకే వదిలేస్తే బాగా వచ్చిన ఫొటోను తెలియకుండానే మనం నమ్మిన వేళకు దాచుకుంటాం. రీళ్లు వద్దు, అన్నీ ఫొటోలే. ప్రతి దాన్నీ సరిగ్గా 48 గంటలయ్యాక చూడాలి, లేకపోతే ముందు పెట్టిందానికి ఎక్కువ వ్యవధి దొరికిపోతుంది. చూడాల్సింది లైకులు కాదు. ఫాలోవర్లలో ఎంతమందికి చేరిందన్నదొకటి, ఆ పోస్టు చూసి వచ్చిన ఆర్డర్ మెసేజీలు ఎన్ని, ఎక్కడి నుంచి అన్నది ఇంకొకటి. మా పిన్ని దీనికోసం క్యాలెండర్ వెనకవైపు గళ్లు గీసింది.

చేరిన ఫాలోవర్ల నడిమి అంకె రాత్రికి 1,480, ఉదయానికి 1,430. ఒకే వేళకు పెట్టిన పోస్టుల్లోనే ఒకటి 1,200, మరోటి 1,700 ఉంటే ఈ యాభై తేడాకు అర్థమేముంది? ఇన్నాళ్లూ తొమ్మిది కోసం గడియారం చూడటం వృథా అన్నమాట. ఆర్డర్ల గళ్లలో మాత్రం అమెరికా నుంచి రాత్రి పోస్టులకు మూడొస్తే, ఉదయం పోస్టులకు పదకొండు వచ్చాయి. పద్నాలుగు ఆర్డర్లతో ఏదీ గట్టిగా తేల్చలేం. కానీ ఇక్కడ వెనకున్న కారణం కూడా కనిపిస్తోంది కాబట్టి నేను దీన్ని కొంత నమ్ముతాను.

వేళ గట్టిగా లెక్కకొచ్చేది ఆలస్యమైతే చేజారిపోయే వాటికి. లైవ్ పెడితే అప్పుడున్నవాళ్లే చూస్తారు. స్టోరీ 24 గంటల్లో మాయమవుతుంది. ఇరవై జాడీలే ఉన్నాయి, ముందొచ్చినవాళ్లకే అంటే, ఆ మాట ఎప్పుడు చెప్పామన్నది ఎవరు కొంటారో తేల్చేస్తుంది.

ఇప్పుడు ఆమె ఫొటోలు పిల్లలు పడుకున్నాకే పెడుతోంది, వీలైనది ఆ వేళే కాబట్టి. విదేశాల పార్సిళ్లకు ఆర్డర్లు తెరిచే స్టోరీ మాత్రం ఆదివారం ఉదయం ఏడింటికి. నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు గంట వెనక్కి జరుపుతారని, అప్పట్నుంచి అదే వేళకు పెట్టాలంటే మనకు ఎనిమిదవుతుందని మొన్న చెప్పాను. "పొద్దున్నే గంట నిద్ర మిగిలింది" అంది.